సంత ఏరు దాటిన బేస్తవారం

1961 చలికాలంలో నన్ను బళ్ళారి జిల్లాలో, హగరి ఏటి ఒడ్డునున్న ఒక ఊరికి పంచాయతీ సెక్రటరీగా వేశారు. ఊరి పేరు రాయను. ఆనాడు మీటింగుల్లో కూర్చున్నవాళ్ల మనవళ్లు ఇప్పటికీ అక్కడే సేద్యం చేసుకుంటున్నారు. జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి ఏడెనిమిదేళ్లు. ఏటికి ఇవతల మైసూరు, అవతల ఆంధ్ర. ఇసుకలో గీత ఏదీ లేదు. ఇవతలి గొర్రెలు అవతల మేసి వచ్చేవి. అవతలి పెళ్లిళ్లకు ఇవతలి మేళం పోయేది.

ఆ ఊళ్లో బేస్తవారం సంత. నేను చేరిన మొదటి బేస్తవారం, పొద్దు పొడవకముందే లేచి ఏటి గట్టు మీద నిలబడ్డాను. మంచు ఇసుక మీద నడుము ఎత్తున పరుచుకొని ఉంది. అందులోంచి ముందు బుట్టలు కనిపించాయి. మనుషులు లేకుండా ఒట్టి బుట్టలే గాలిలో తేలుతూ వస్తున్నట్టు, ఒకదాని వెనక ఒకటి. కాసేపటికి బుట్టల కింద తలలు, తలల కింద చీరల కొంగులు. చివరికి పాదాలు గట్టెక్కాక గానీ వీళ్లు అవతలి ఊళ్ల ఆడవాళ్లని నాకు నమ్మకం కలగలేదు. వెనక గాడిదల మీద కుండలు, బండ్ల మీద మిరపకాయల బస్తాలు. పది గంటలకల్లా ఖాళీ బయలంతా ఊరైపోయింది. సాయంత్రానికి ఏమీ మిగల్లేదు, నలిగిన తమలపాకుల వాసన తప్ప.

ఆ సంతమాళంలో, అంటే సంత జరిగే బయలులో, నీళ్లు లేవు. బావి ఒకటి మొదలుపెట్టి, బండ తగిలితే సగంలో ఆపేశారు. ఎండాకాలంలో సంతకు వచ్చినవాళ్లు ఊరి ఇళ్ల ముందు నిలబడి చెంబెడు నీళ్లు అడుక్కోవాలి. పంచాయతీ రాబడి ఇంటి పన్ను, భూమి శిస్తులో సర్కారు ఇచ్చే భాగం, అంతే. బండ పేల్చి బావి పూర్తి చేయాలంటే అది చాలదు. తాలూకా ఆఫీసరును అడిగితే, "సంత పెట్టుకొని డబ్బు లేదంటారేమిటి? చట్టంలో మార్కెట్ ఫీజు ఉంది, వేసుకోండి," అన్నాడు.

ఫీజుకూ పన్నుకూ తేడా ఉంది. పన్ను ఊరి అవసరం కోసం వసూలు చేసేది. ఫీజు తీసుకుంటే, ఇచ్చినవాళ్లకు బదులుగా ఏదో ఒకటి చేసిపెట్టాలి. నీడో, నీళ్లో, ఊడ్పో. శిక్షణలో ఈ ముక్క నేర్పారు. బావి పూర్తి చేస్తాం కాబట్టి మన పని సక్రమమేనని నాకు ధైర్యం.

జనవరిలో మీటింగు పెట్టాము. చావడిలో చాపలు వేసి, మధ్య మినిట్స్ బుక్కు పెట్టుకొని కూర్చున్నాను. మినిట్స్ అంటే ఎవరు ఏమన్నారు, ఏం తీర్మానించారు అని రాసుకునే పుస్తకం. చేర్మన్ బసనగౌడ. నిదానస్తుడు, కోపం వస్తే మాత్రం కన్నడంలోకి దిగిపోతాడు. తిమ్మయ్య శెట్టికి ఊళ్లో కిరాణా అంగడి, మూడు తరాలుగా అక్కడి వ్యాపారమే. ఆడవాళ్లకు కేటాయించిన సీటులో హనుమక్క. ఏటి పక్క మడిలో ఆకుకూరలు వేసేది. మీటింగుకు వచ్చి, గోడకు ఆనుకొని, చివర్లో వేలిముద్ర వేసి పోవడమే అప్పటిదాకా ఆమె చేసిన పని. మిగిలిన సభ్యులు గౌడ ఎటు మొగ్గితే అటు.

శెట్టి ముందు అందుకున్నాడు. "ఊర్లో అంగడి పెట్టుకున్న పాపానికి నేను ఇంటి కందాయం కడ్తాండా, లైసెన్సు కడ్తాండా. వారానికొక దినం వచ్చి, గోనెపట్ట పరుచుకొని, నా గిరాకీ అంతా ఎత్తుకొనిపోయేటోళ్లు ఏం కడ్తాండారు? మీరే చెప్పండప్పా."

అతని మాటలో అబద్ధం లేదు. ఫీజు వేయాలని అందరూ ఒప్పుకున్నారు. ఎట్లా వేయాలన్న దగ్గర చిక్కుపడ్డాము.

నేను తయారుగా ఉన్నాను. అంతకుముందు రెండు బేస్తవారాలు టేపు పట్టుకొని సంతంతా కొలిచి, కాగితం మీద పటం గీశాను. ఎంత చోటు ఆక్రమిస్తే అంత ఫీజు అన్నది నా సూచన. పటం పరిచి చూపించాను. గౌడ దాని మీదికి వంగి, చాలాసేపు వేలితో తిరిగాడు.

"ఇంత పెద్ద గడి ఎవరిది?"

"కుండలవాళ్లది."

"ఈ చిన్న చుక్క?"

"వెండి నగల పెట్టె."

గౌడ నవ్వాడు. "నీ టేపుకు కుండ పెద్దది, వెండి చిన్నది, సెక్రెటరీ!"

నా ముఖం మాడిపోయింది. గౌడ బరువు లెక్క చెప్పాడు. నెత్తిమోపుకు ఇంత, గాడిద మోతకు ఇంత, బండికి ఇంత. శెట్టి ఒప్పుకోలేదు. "బట్టల మూట ఒగటి, దోసకాయల మూట ఒగటి. రెండూ నెత్తిమోపులే. రెంటికీ బెల ఒగటేనా? పోనీ, అమ్మినదాన్ని బట్టి వేస్తామంటే, ఎవరెంత అమ్మినారో సాయంత్రందాకా పక్కన కూచొని చూసేదెవరు? అందరికీ రెండణాలు పెట్టండి. పెద్దా చిన్నా తేడా వద్దు. సమంగా ఉంటే ఎవరూ నోరెత్తరు."

నయాపైసలు వచ్చి నాలుగేళ్లయినా అందరి నోటా అణాలే. రెండణాలంటే పన్నెండు పైసలు. అది నిజంగానే సులువుగా వినిపించింది. చావడి బయట ఎండ మెత్తగా ఉంది, అందరికీ ఇంటికి పోవాలని ఉంది. అప్పుడు గోడ దగ్గర్నుంచి హనుమక్క గొంతు వినిపించింది.

"దుడ్డు ఎప్పుడు అడుగుతారప్పా? పొద్దున్నా, సందకాడా?"

"వచ్చినప్పుడే. లోపలికి పోయేటప్పుడు," అన్నాడు శెట్టి.

"బోణీ కాకముందే యాడ్నుంచి తెస్తారు? నా సంగతే చూడు. ఆకు అమ్మితే కదా నా కొంగులో కాసు పడేది."

"రెండణాలే కదక్కా!" అన్నాడు శెట్టి నొప్పించకుండానే. ఎవరో నవ్వారు. హనుమక్క మళ్లీ గోడకు ఆనుకుంది. నేను 'ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని రాసి, ఇంకు ప్యాడు ఆమె వైపు జరిపాను. ఆమె బొటనవేలు పెట్టింది.

చట్టం ప్రకారం తీర్మానం అయిన వెంటనే వసూలు చేయకూడదు. నోటీసు ఇవ్వాలి, దండోరా వేయించాలి, ఆక్షేపణలు చెప్పుకోవడానికి ఒక నెల గడువు ఇవ్వాలి. నేను ఒక్క మెట్టు కూడా తప్పలేదు. కన్నడంలో నోటీసు రాసి, సంతకం చేసి, చావడి గోడకు అంటించాను. తలారికి సోమవారం తీరిక ఉందంటే సోమవారం దండోరా వేయించాను. నెల గడిచింది. ఒక్క కాగితం రాలేదు, ఒక్క మనిషి రాలేదు. రెండో మీటింగులో, 'ఆక్షేపణలు: లేవు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. పై ఆఫీసు మంజూరు కూడా వచ్చింది.

వసూలుకు మనుషుల్ని పెట్టుకునే స్తోమత చిన్న పంచాయతీకి ఉండదు. అందుకని ఏడాదికి వసూలు హక్కును హరాజు వేస్తారు, అంటే వేలం. పాడుకున్నవాడు పంచాయతీకి ఒప్పుకున్న మొత్తం కడతాడు. పైన మిగిలింది అతనిది, తగ్గితే నష్టమూ అతనిదే. మార్చి ఆఖరులో హొన్నూరప్ప అనే బండ్లతను పాడుకున్నాడు. చెడ్డవాడు కాదు. కానీ పాట పాడిన మరుక్షణం నుంచి అతని కళ్లు మారాయి. మనుషుల్ని చూసినా అతనికి రెండణాలే కనిపిస్తున్నట్టుండేది.

ఏప్రిల్ మొదటి బేస్తవారం. హొన్నూరప్ప తెల్లవారకముందే గట్టు మీద అడ్డంగా తాడు కట్టి కూర్చున్నాడు. వచ్చినవాళ్లు బుట్ట దించకముందే చెయ్యి చాచాడు. కాసు ఉన్నవాళ్లు ఇచ్చారు. లేనివాళ్లు బోణీ అయ్యాక ఇస్తామన్నారు. "వందమంది ఉండారు. సంతలో యాడ వెతుక్కునేది మిమ్మల్ని? ఏదన్నా ఒగటి ఈడ పెట్టి పో. దుడ్డిచ్చి విడిపించుకో," అన్నాడు. అది అతని దృష్టిలో జాగ్రత్త, అంతే.

ఒకామె మోకు పెట్టింది. ఒకామె మిరపకాయల బుట్టలోంచి రెండు దోసిళ్లు తీసి పెట్టింది. ఓబులక్క అనే ముసలి కుమ్మరామె గాడిద మీదనుంచి నీళ్లకుండ దించి, దాన్ని చేత్తో ఒకసారి తుడిచి, తాడు పక్కన పెట్టింది. పొద్దెక్కేసరికి అక్కడ చిన్న గుట్ట తయారైంది. మోకులు, చేటలు, గుమ్మడికాయలు, ఒక ఎర్ర రవిక గుడ్డ. ఎవరూ లేకుండా తనంత తానే పెట్టుకున్న మరో సంతలా ఉంది. ఎండకు ఆ రంగులన్నీ కరిగి కదులుతున్నట్టు కనిపించాయి. నేను రసీదు పుస్తకం పట్టుకొని దాని పక్కనే నిలబడ్డాను. ఏదో తప్పు జరుగుతోందని అనిపించింది. ఏ రూలు తప్పిందో మాత్రం తట్టలేదు.

మరుసటి బేస్తవారం గట్టు మీదికి ఎవరూ రాలేదు.

హొన్నూరప్ప తాడు కట్టి కూర్చున్నాడు. పొద్దు పొడిచింది. ఎండ ముదిరింది. సంతమాళంలో గూటాలు పాతిన గుంటలు, వాటిలో పిచ్చికలు మట్టి స్నానం చేస్తున్నాయి. ఊరి ఆడవాళ్లు ఖాళీ సంచులతో వచ్చి, నిద్రలోంచి లేచినవాళ్లలా అటూ ఇటూ చూసి నిలబడిపోయారు. అప్పుడు గాలి తిరిగింది. ఏటి అవతల్నుంచి సన్నగా, నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు, సంత రొద వినిపించింది. గాడిద ఓండ్రింపు, బేరాల కేకలు, ఎవరో నవ్విన నవ్వు. ఇసుక మీద ఎండమావి ఆడుతోంది. ఆ ఆవిరి వెనక గుడ్డ పందిళ్లు నేల తాకకుండా వేలాడుతున్నాయి.

మా సంత ఏరు దాటింది.

ఆ సాయంత్రం చావడిలో గౌడ చాప మీద కూర్చోలేదు. "ఏను ఇదు? మన సంతను ఎత్తుకొనిపోతారా? పోలీసుకు రాయి, సెక్రెటరీ!"

"అది వేరే రాష్ట్రమండీ," అన్నాను. "పైగా ఎవరు ఎక్కడ కూర్చొని అమ్ముకోవాలో చెప్పే అధికారం మనకు లేదు."

అన్నిటికంటే ఎక్కువ దిగులుపడ్డవాడు తిమ్మయ్య శెట్టి. సంత తన గిరాకీని ఎత్తుకుపోతోందనుకున్నాడు కదా! సంత ఉన్ననాడే అతని అంగట్లో బెల్లం, కిరసనాయిలు, పొగాకు అమ్ముడుపోయేవి. సంతలో అమ్మిన ఆడవాళ్లే తిరిగి పోతూ కొనుక్కునేవాళ్లు. ఆ బేస్తవారం అతను ఈగలు తోలుకున్నాడు. "మూడు తరాలుగా ఈడ కూచున్నా. ఈ సంగతి నాకు తెలవకపాయె," అన్నాడు మెల్లగా. హొన్నూరప్ప గుమ్మంలో నిలబడి తన డిపాజిట్టు సంగతి అడిగాడు.

హనుమక్క లేచి నిలబడింది. "పోయి అడుగుదాం. రండి."

"పంచాయతీ వాళ్లం మనం పోవాల్నా?" అన్నాడు గౌడ.

"నా ఆకు కూడా ఆడికే పోయింది గౌడప్పా. నేనే మోసుకొని పోతి. నన్ను ఒగరూ రెండణాలు అడగలే." దాపరికం లేకుండా చెప్పింది. "నేను మీ మెంబరునే. నేనే పోతే, మీకేం కష్టం?"

మూడో బేస్తవారం గౌడ, శెట్టి, హనుమక్క, నేను, నలుగురం ఏరు దాటాము. ఇసుక చెప్పులగుండా కాలుతోంది. నడుస్తున్నకొద్దీ అవతలి ఒడ్డు దూరం జరుగుతున్నట్టుంది. గౌడ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. సంతలో అడుగు పెట్టగానే నాకు తల తిరిగింది. అంతా మా సంతే! కుండల పక్కన మోకులు, మోకుల పక్కన చేటలు, చివర వెండి పెట్టె. నేను గీసిన పటాన్ని ఎవరో మడిచి తెచ్చి ఇక్కడ విప్పినట్టు, అన్నీ అదే వరుసలో ఉన్నాయి. మేము మాత్రం పరాయివాళ్లం.

ఓబులక్క మమ్మల్ని చూసి, కూర్చోమని ఒక గోనెపట్ట విదిలించి వేసింది. గౌడ దాని మీద కూర్చున్నాడు.

"ఏంది ఓబులక్కా, మా ఊరు చేదైందా?"

"ఊరు చేదు కాదప్పా. కుండ దించుకొని సందకాడిదాకా ఆడ పెట్టిస్తిరి. దుడ్డు తీసుకొని వచ్చేతలికి దానికి నెర్రె ఇచ్చినాది. ఎవర్ని అడగల్ల?"

"మీకు ఇష్టం లేకుంటే ముందే చెప్పాల్సింది," అన్నాను నేను. "నెల గడువిచ్చాం. నోటీసు అంటించాం. ఒక్కరూ ఆక్షేపణ చెప్పలేదే!"

ఆమె నన్ను కోపంగా చూడలేదు. అర్థం చేసుకుందామన్నట్టు చూసింది. "ఏం నోటీసు సామీ?"

"చావడి గోడకు."

"ఓ, ఆ కాగితమా! చూసినా. సినిమాది అనుకుంటి."

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఎవరో అడిగారు, దండోరా ఎప్పుడు వేశారని. సోమవారం అన్నాను. అనగానే నాకే వినిపించింది, నేను ఏం అన్నానో. సోమవారం వీళ్లలో ఒక్కరూ ఆ ఊళ్లో ఉండరు. కుమ్మరి సారె దగ్గర ఒకరు, చేలో ఒకరు, ఏటికి అవతల తమ తమ ఊళ్లలో. చదవడానికి వీళ్లకు కన్నడం రాదు, చాలామందికి తెలుగూ రాదు. రెండణాలు కట్టాల్సిన వాళ్లు ఒక్కరూ వినకుండా, నేను నెల రోజులు శ్రద్ధగా నిశ్శబ్దాన్ని పోగుచేసి, దాన్ని 'ఆక్షేపణలు లేవు' అని రాశాను.

"అడిగింటే ఇయ్యమని అందుమా?" అంది ఓబులక్క. "నీళ్లు లేవు ఆడ. బావి తోడితే మాకే మేలు. అడగల్ల కదా!"

నేను సంచిలోంచి కాగితం తీసి, గడువు దాటి రెండు నెలలైన ఆ నోటీసును అక్కడే తెలుగులో చదివి వినిపించాను. వాళ్లు ఒక్కొక్కరూ చెప్పారు. బోణీకి ముందు అడగొద్దు. అమ్ముడుపోని దినం అడగొద్దు. తాకట్టు వద్దు. మోసుకొచ్చినామెకూ బండి తోలుకొచ్చినాయనకూ ఒకటే అంటే ఎట్లా? నేను ఆగి గౌడ వైపు చూశాను. రూలు ప్రకారం వీటికి విలువ లేదు.

గౌడ నుదుటి చెమట తుడుచుకొని, "బరకో, సెక్రెటరీ," అన్నాడు. "ఒందూ బిడబేడ." రాసుకో, ఒక్కటీ వదలొద్దని.

తరవాతి మీటింగు సంతమాళంలోనే పెట్టాము, బేస్తవారం పొద్దున. వసూలు ఆపేస్తున్నట్టు ముందే కబురు చేశాము కాబట్టి అవతలివాళ్లు పదిపదిహేను మంది వచ్చారు. ఓటు లేదు గానీ వినొచ్చు, అడిగితే చెప్పొచ్చు అన్నాడు గౌడ. తిమ్మయ్య శెట్టి తన మాట ఇంకా వదల్లేదు. వదలకపోవడమే మంచిదైంది.

"ఒకరికి తక్కువ, ఒకరికి ఎక్కువ అంటే ఎవరు తేల్చేది? ఈ పొద్దు వీడు, రేపు వాడు. తేల్చేటోడి చేతిలో లంచం పెడ్తారు. అందరికీ ఒగటే అంటి నేను, అందుకే. నా తప్పేంది?"

హనుమక్క అంది, "తప్పేం లేదు సెట్టప్పా. కానీ నువ్వు పొద్దున అంగడి తీసేతలికే గల్లాలో చిల్లర ఉంటాది. నా కొంగులో ఉండదు. నీకూ నాకూ రెండణాలు ఒగటే, ఆ పొద్దుటి గంట ఒగటి కాదు."

చివరికి శెట్టే దారి చూపించాడు. "అట్లయితే గౌడ చెప్పిన మోతల లెక్కే పెట్టండి. అది పూరా న్యాయమని నేననను. కానీ మోత అందరి కంటికీ కనపడతాది. గాడిదను బండి అనేటోడు లేడు. తగాదా ఉండదు."

నెత్తిమోపుతో సొంత సరుకు అమ్ముకునేవాళ్లకు ఫీజు లేదు. గాడిద మోతకు ఒక అణా, బండికి నాలుగు. బట్టలవాళ్లు, నగలవాళ్లు నెత్తిమోపుతో వచ్చినా, కొని అమ్మే వ్యాపారం కాబట్టి బండి లెక్క. మధ్యాహ్నం దాటాకే అడగాలి. బోణీ కానివాళ్లను వదిలేయాలి. తాకట్టు కూడదు. హరాజు రద్దు చేసి హొన్నూరప్ప డిపాజిట్టు వాపసు ఇవ్వాలి, అతన్నే కూలి మీద వసూలుకు పెట్టుకోవాలి. మినిట్స్ రాసి ఇంకు ప్యాడు జరపబోతే, హనుమక్క, "ముందు చదువు, విందాం," అంది. చదివాను. రెండుచోట్ల దిద్దించింది. అప్పుడు వేలు పెట్టింది.

మళ్లీ నోటీసు, మళ్లీ నెల గడువు. ఈసారి నాలుగు బేస్తవారాలు, సంత నిండుగా ఉన్నప్పుడు, రెండు భాషల్లో దండోరా. మూడు ఆక్షేపణలు వచ్చాయి. రాసుకొని, మీటింగులో పెట్టి, జవాబు చెప్పాము.

అన్నీ చక్కబడ్డాయని చెప్పలేను. సంత సగమే తిరిగి వచ్చింది. వెండి పెట్టెలూ బట్టలవాళ్లూ అవతలే ఉండిపోయారు. అక్కడ ఎవరూ ఏమీ అడగరు కదా. అనుకున్నంత రాబడి రాలేదు. బావికి రెండేళ్లు పట్టింది. శెట్టి అంగడి మునుపటిలా పుంజుకోలేదు. అయినా అతను మీటింగుకు ఒక్కసారీ రాకుండా లేడు.

మరుసటి ఏడు ఆడిట్ వచ్చింది. ఆడిట్ అంటే మేము రాసిందాన్ని ఇంకొకరు తప్పులు పట్టడానికి చదవడం. ఆడిటరు ఎర్ర సిరాతో అడిగాడు: మంజూరైన ఫీజును ఎందుకు ఆపారు? ఊరివాళ్లు కానివాళ్ల ఆక్షేపణలను, అదీ గడువు దాటాక, ఏ అధికారంతో విన్నారు? సెక్రటరీ సంజాయిషీ ఇవ్వాలి.

ఉద్యోగం కొత్త. సెక్షన్లన్నీ తిరగేశాను, నన్ను కాపాడేది ఒక్కటీ దొరకలేదు. మూడు రోజుల తరవాత ఇలా రాసి పంపాను: 'ఈ ఫీజు కట్టేవారిలో మా ఊరివారు దాదాపు ఎవరూ లేరు. మొదటి నోటీసు కట్టనివారికి అందింది, కట్టేవారికి అందలేదు. ఆక్షేపణలు లేవు అని రాసినది నేను. వినలేదు అని రాయవలసింది.'

జవాబు రాలేదు. ఆ ఎర్ర సిరా ప్రశ్న పక్కన ఎవరో పెన్సిలుతో ఒక చిన్న టిక్కు పెట్టి ఫైలు తిప్పి పంపారు. ఆ తరవాత ముప్పై ఏళ్లు ఎన్నో ఊళ్లలో పనిచేశాను. 'లేవు' అని రాయాల్సిన ప్రతిచోటా కలం ఆపి, లేచి, ఎవరిని అడగలేదో వాళ్లున్న చోటికి ఒకసారి నడిచి వచ్చాకే రాశాను.